ఒక్క ఫ్రేములో సాగిపోయే మనిషి

1942లో వార్నర్ బ్రదర్స్ విడుదల చేసిన ‘ది డోవర్ బాయ్స్’ అనే చిన్న కార్టూన్‌లో డాన్ బ్యాక్‌స్లైడ్ అని ఒక విలన్ ఉంటాడు. దర్శకుడు చక్ జోన్స్ అతన్ని మామూలుగా నడిపించడు. ఒక భంగిమలో బిగుసుకుని నిలబడ్డవాడు రెప్పపాటులో ఇంకోచోట, ఇంకో భంగిమలో తేలతాడు. మధ్యలో బొమ్మను ఆపి చూడండి. అక్కడ మనిషి ఆకారమే ఉండదు, గోడకు రంగు పూసినట్టు అడ్డంగా సాగిన ఒక చార ఉంటుంది. దాన్నే యానిమేటర్లు స్మియర్ ఫ్రేము అంటారు.

సినిమా సెకనుకు 24 ఫ్రేములు నడుస్తుంది. కెమెరాతో తీసేటప్పుడు ఒక్కో ఫ్రేముకు షట్టర్ సాధారణంగా సెకనులో 48వ వంతు తెరుచుకుంటుంది. ఆ కాస్త సమయంలోనే పరుగెత్తేవాడి చెయ్యి కదిలిపోతుంది కనుక బొమ్మలో అలికినట్టు పడుతుంది. మన కన్ను దాన్ని వేగంగా చదువుకుంటుంది. చేత్తో గీసిన బొమ్మకు ఆ అలుకుడు ఉండదు, ప్రతి గీతా స్పష్టమే. పాత్ర ఒక ఫ్రేము నుంచి తర్వాతి ఫ్రేముకు తన ఒంటి వెడల్పును మించి జరిగిందంటే రెండు బొమ్మలూ ఎక్కడా కలవవు. కదలిక తెగి, పాత్ర ఒకచోట మాయమై మరోచోట పుట్టినట్టు మినుకుమంటుంది. స్మియర్ ఆ ఖాళీని పూడుస్తుంది.

ఒక పాత్ర తెర మీద తన వెడల్పుకు ఆరింతల దూరం దూకాలనుకుందాం. మొత్తం అర సెకను, అంటే 12 ఫ్రేములు. మొదటి ఆరు ఫ్రేములూ పాత్ర వెనక్కి వంగి ఊపు తీసుకుంటుంది. ఏడో ఫ్రేము స్మియర్. ముఖం గమ్యానికి దగ్గరగా ఉంటుంది, కళ్లు అటే చూస్తుంటాయి, చొక్కా రంగు మాత్రం బయల్దేరిన చోటిదాకా తోకలా సాగి పలచబడుతుంది. ఎనిమిదో ఫ్రేములో పాత్ర చేరాల్సిన చోటు దాటి కాస్త ముందుకు తూలుతుంది. మిగిలిన నాలుగింటిలో వెనక్కి సర్దుకుని నిలబడుతుంది. ఇందులో వింత బొమ్మ ఒక్కటే. దాన్ని మోసేది అటూ ఇటూ ఉన్న మామూలు బొమ్మలు. మొదలుపెట్టే భంగిమా చేరే భంగిమా సరిగ్గా తెలియకపోతే స్మియర్ ఎంత అందంగా గీసినా మరకలాగే కనిపిస్తుంది.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ఆ వింత బొమ్మ మీద ముచ్చటపడి రెండు మూడు ఫ్రేములు నిలిపేస్తారు. అప్పుడు కన్నుకు దాన్ని చూసే తీరిక దొరుకుతుంది. వేగం బదులు వికారం కనిపిస్తుంది. పరీక్ష తేలికే. కథ తెలియని మనిషికి అసలు వేగంతో ఒక్కసారి చూపించి ఏం జరిగిందో అడగండి. ‘వాడు దూకాడు’ అంటే కుదిరినట్టు. ‘వాడి ముఖానికి ఏమైంది?’ అంటే ఒక ఫ్రేము తీసేయాలి.

స్క్వాష్, స్ట్రెచ్‌లకు ఇంకో కట్టుబాటు ఉంది. సగం నింపిన పిండి బస్తాను తలుచుకోండి. నేల మీద పడేస్తే చదునై పక్కలకు ఉబ్బుతుంది, మూతి పట్టుకుని ఎత్తితే పొడుగై సన్నబడుతుంది. లోపలి పిండి మాత్రం అంతే. కాగితం మీద 100 ఎత్తు, 100 వెడల్పు ఉన్న బొమ్మను 150 ఎత్తుకు సాగదీస్తే వెడల్పు 67కి తగ్గాలి. కంప్యూటర్‌లో మూడు కొలతల బొమ్మయితే రెండు పక్కలా 82 చొప్పున చాలు. ఇది మరిచి ఎత్తు మాత్రమే పెంచితే పాత్ర సాగినట్టుండదు, పెరిగినట్టుంటుంది. ఎప్పుడు చేయాలన్నదీ ముఖ్యమే. ఎగిరిన బంతి పైకొసలో దాదాపు ఆగుతుంది కాబట్టి అక్కడ గుండ్రంగానే ఉండాలి. నేలకు చేరేముందు సాగాలి, తాకిన ఫ్రేములోనే అణగాలి. తాకకముందే అణిగితే దానికి నేల కనిపించిందేమో అనిపిస్తుంది.

నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది వస్తువు దేనితో చేసిందన్న సంగతి. చెంపలు అణగవచ్చు, పుర్రె అణగకూడదు. నవ్వుకు దవడ ఎంత జారినా ఫరవాలేదు కానీ నుదురు కూడా రబ్బరులా వంగితే ఆ తలకు దెబ్బ తగులుతుందని ఎవరూ నమ్మరు. పది నిమిషాలపాటు అప్పడంలా అణిగి లేచిన పాత్ర పదకొండో నిమిషంలో మేడ అంచున వేలాడితే ప్రేక్షకుడికి భయం ఎందుకు పుడుతుంది? అలాంటి సన్నివేశం ముందుందని తెలిస్తే మొదటి నుంచే చెయ్యి బిగపట్టాలి.

1986లో జాన్ లాసెటర్ తీసిన ‘లక్సో జూనియర్’లో కథంతా రెండు టేబుల్ దీపాలదే. లోహపు దీపం అణగదు, సాగదు. అందుకే పిల్ల దీపం ఎగరబోయే ముందు కీళ్ల దగ్గర ముడుచుకుని పొట్టిదవుతుంది, ఎగిరేటప్పుడు కీళ్లు విప్పుకుని పొడుగవుతుంది. గొట్టం, టోపీ మాత్రం ఎక్కడా వంగవు. అది ఎక్కి గెంతే రబ్బరు బంతి మాత్రం దాని బరువుకు అణిగి, చివరికి గాలిపోయి చప్పబడిపోతుంది.