ఐడీ కార్డుకు ముందు చిల్లు గీయండి

జూన్‌లో బడులు తెరవగానే డీటీపీ సెంటర్లకు ఐడీ కార్డుల పని వచ్చి పడుతుంది. చాలామంది ముందు లోగో పెట్టి, దాని కింద ఫోటో పెట్టి, మిగిలిన చోట వివరాలు సర్దుతారు. ట్యాగు తగిలించే చిల్లు సంగతి పంచింగ్ మిషన్ దగ్గరే గుర్తొస్తుంది. అప్పటికి అది బడి పేరులో ఒక అక్షరాన్ని కొరికేస్తుంది. అందుకే మొదట గీయాల్సింది చిల్లునే.

మామూలు పీవీసీ కార్డు ఏటీఎం కార్డంతే ఉంటుంది: సుమారు 86 × 54 మిల్లీమీటర్లు. దాన్ని నిలువుగా పెట్టి, 14 × 3 మి.మీ. కోల చిల్లు వేస్తున్నామనుకుందాం. పై అంచు నుంచి 4 మి.మీ. వదిలి వేయాలి. అంతకన్నా పైకి వేస్తే, పిల్లలు ఆటల్లో ట్యాగు లాగినప్పుడు ఆ సన్నటి పట్టీ తెగిపోతుంది. చిల్లు 7 మి.మీ. దగ్గర ముగుస్తుంది. దాని కింద మరో 3 మి.మీ. ఖాళీ ఉండాలి. చేత్తో పంచ్ చేసేటప్పుడు కార్డు కాస్త జరుగుతుంది, పైగా హుక్కు కూడా కొంత చోటు కప్పేస్తుంది. అక్కడ రంగు ఉండొచ్చు, అక్షరం మాత్రం ఉండకూడదు. కార్డులో చిప్పు ఉంటే, లోపలి తీగచుట్ట ఎక్కడుందో సరఫరాదారుని అడిగాకే చిల్లు వేయించాలి.

ఇక బడి పేరు 10 నుంచి 18 వరకు, ఫోటో 20 నుంచి 56 వరకు. ఫోటో వెడల్పు 28 మి.మీ. చాలు. పాస్‌పోర్ట్ ఫోటో నిష్పత్తి కూడా అదే కాబట్టి ముఖం సాగదు, తల తెగదు. 300 డీపీఐలో ఇది సుమారు 331 × 425 పిక్సెళ్లు. గ్రూపు ఫోటోలోంచి కత్తిరించిన ముఖానికి ఆ మాత్రం వివరం ఉండదు, మసకబారుతుంది.

పేరు, తరగతి, రక్తవర్గం 59 నుంచి 82 లోపు సర్దుకోవాలి. ఇక్కడే తెలుగు పరీక్ష పెడుతుంది. ఒత్తులు కిందికి, గుడులు పైకి పోతాయి కనుక ఇంగ్లీషుకు పెట్టిన వరుసల ఎడం చాలదు. బడి మొత్తంలో అతి పొడవైన పేరుతోనే నమూనా చేయండి. ‘రవి’ ఎక్కడైనా పడతాడు, ‘వెంకట సత్య సాయి లక్ష్మీ ప్రసన్న’ పడాలి. చిరునామా, తల్లిదండ్రుల ఫోన్ నంబరు వెనక్కి పంపడమే మంచిది. దారిన పోయే ప్రతివాడికీ అవి కనబడనక్కర్లేదు. చిల్లు వెనకవైపూ పడుతుంది కాబట్టి అక్కడా పైన 10 మి.మీ. ఖాళీ వదలాలి. వెనకవైపు తలకిందులుగా అచ్చయితే చిల్లు పోయి చివరి వరుసలో పడుతుంది.

నమూనాను మామూలు కాగితంపై 100 శాతం సైజులో ప్రింట్ తీసి స్కేలుతో కొలవండి. 86 మి.మీ. రాకపోతే ప్రింటర్ దాన్ని పేజీకి సరిపడా కుదించిందన్నమాట. కొలత సరిపోయాక ఒక్క పీవీసీ కార్డు చేయించి, పంచ్ చేసి, ట్యాగు తగిలించి చూశాకే మిగతా కార్డులకు ఆర్డరివ్వండి.