వాదన చర్చలో, తేలిన మాట ముగింపులో

పరిశోధన పత్రంలో ఫలితాల తర్వాత వచ్చే చర్చ, ముగింపు రెండూ ఆ ఫలితాల గురించే మాట్లాడతాయి. అందుకే కొత్తగా రాసేవాళ్లు ఒకే సంగతిని రెండు చోట్లా రాసేస్తుంటారు. ఫలితాన్ని ఇలాగే ఎందుకు అర్థం చేసుకోవాలి, మరోలా ఎందుకు కాదు అనే వాదనంతా చర్చలో జరగాలి. అందులో తేలిన మాట ముగింపులో ఉండాలి.

1950లో రిచర్డ్ డాల్, ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’లో ప్రచురించిన పత్రం ఇందుకు మంచి ఉదాహరణ. లండన్ ఆసుపత్రుల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 709 మందిని, అంతే సంఖ్యలో ఇతర రోగులను పొగతాగే అలవాటు గురించి అడిగారు. రెండు వర్గాల్లోనూ మగవాళ్లు 649 మంది చొప్పున ఉన్నారు. వాళ్లలో పొగ తాగనివాళ్లు క్యాన్సర్ రోగుల్లో ఇద్దరే. ఇతరుల్లో 27 మంది. ఇంతవరకూ ఫలితం.

ప్రశ్నలు అడిగినవాళ్లకు రోగం సంగతి ముందే తెలుసు కాబట్టి, క్యాన్సర్ రోగులను గుచ్చిగుచ్చి అడిగి ఉండొచ్చన్న అనుమానం సహజం. దీనికి జవాబు ఆ సమాచారంలోనే దొరికింది. కొందరిని క్యాన్సర్ ఉందనుకునే ప్రశ్నించారు. తర్వాత వాళ్లకు ఆ రోగం లేదని తేలింది. అడిగిన తీరే తేడాకు కారణమైతే వీళ్ల లెక్క క్యాన్సర్ రోగుల లెక్కలా ఉండాలి. కానీ అది మిగతా రోగుల లెక్కను పోలి ఉంది. ఇక రోగమే అలవాటుకు కారణమా? కాదు, లక్షణాలు కనిపించకముందే అలవాటు మొదలైంది. రెండింటికీ ఉమ్మడి మూలం ఉందా? అలాంటిదేదీ తమ ఊహకు అందలేదని రచయితలు రాశారు. ఇలా ప్రత్యర్థి వేయగల ప్రశ్నను తానే వేసుకుని, జవాబుకు తగిన ఆధారం చూపడమే చర్చ చేయాల్సిన పని. ఫలితాల పట్టికను మళ్లీ మాటల్లో చదివి వినిపిస్తే అది చర్చ అనిపించుకోదు.

ఇంత వాదన తర్వాత తేలినది చిన్న మాటే: ఊపిరితిత్తుల క్యాన్సర్ రావడంలో పొగతాగడం ఒక ముఖ్యమైన అంశం. ముగింపుకు అది చాలు. అక్కడ కొత్త అంకె, కొత్త ఆధారం, చర్చలో ఎత్తని అనుమానం రాకూడదు. అధ్యయనానికున్న పరిమితుల వివరమూ చర్చలోనే రావాలి. అయితే తీర్మానాన్ని కట్టడి చేసే పరిమితి ఏదైనా ఉంటే దాన్ని ముగింపు వాక్యంలో వదిలేయకూడదు.

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. చర్చలో ‘సంబంధం ఉండవచ్చు’ అన్నది ముగింపుకొచ్చేసరికి ‘కారణమని రుజువైంది’ అయిపోతుంది. పై అధ్యయనం రోగం వచ్చినవాళ్ల గతాన్ని అడిగింది. పొగతాగే నూరు మందిలో ఎందరికి రోగం వస్తుందో అది నేరుగా లెక్కించలేదు. ‘పొగతాగేవాళ్లందరికీ క్యాన్సర్ వస్తుంది’ అని ఎవరైనా ముగిస్తే, ఆ మాటకు పత్రంలో ఎక్కడా ఆధారం దొరకదు. ముగింపులోని ఒక్కో వాక్యం పక్కన చర్చలో దాన్ని నిలబెట్టిన పేరా ఏదో గుర్తు పెట్టుకుంటూ పోతే, పేరా దొరకని వాక్యం పట్టుబడుతుంది.

చాలా వైద్య పత్రికలు ముగింపుకు వేరే శీర్షిక అడగవు. అక్కడ చర్చలోని చివరి పేరాయే ఆ పని చేస్తుంది.