ఏడేళ్ల తర్వాత సార్‌కి ఒక మెసేజ్

మా పిన్ని కూతురు పరవాడలో ఒక మందుల కంపెనీలో పనిచేస్తుంది. నిరుడు ఒక రాత్రి ఫోన్ చేసి, "అక్కా, ఒక మెసేజ్ రాశాను, పంపాలా వద్దా చూసి చెప్పు" అంది. చూస్తే అది మెసేజ్ కాదు, ఉత్తరం. వేలితో నాలుగుసార్లు పైకి తోస్తే గానీ అయిపోలేదు. సగం దాకా క్షమాపణలే. చివర్లో "మీతో ఒకసారి మాట్లాడాలి సార్, మీ సలహాలు కావాలి" అని ఉంది.

ఆ సార్ ఆమెకు మొదటి ఉద్యోగంలో పై అధికారి. జీడిమెట్లలో రెండేళ్లు ఆయన దగ్గరే పని నేర్చుకుంది. 2017లో అక్కడ మానేశాక మొదట్లో పండగలకు పలకరింపులు ఉండేవి, తర్వాత అవీ లేవు. ఉగాదికి రెండు వందల మందికి ఒకేసారి పంపిన మామిడాకుల బొమ్మ ఆయనకూ వెళ్లే ఉంటుంది, కానీ దాన్ని పలకరింపుగా లెక్కేయలేం. ఏడేళ్లు గడిచాయి. ఇప్పుడు ఆమే తన సెక్షన్‌కి ఇన్‌ఛార్జి. నెల రోజుల్లో ఆడిట్ ఉంది. ఆ పని ఆయనకు బాగా తెలుసు. అడగడానికి మొహం చెల్లడం లేదు.

ఈ జంకు ఆమె ఒక్కదానిదే కాదు. లారా అక్నిన్, గిలియన్ శాండ్‌స్ట్రామ్ అనే మనస్తత్వ పరిశోధకులు 2024లో ప్రచురించిన అధ్యయనంలో, దూరమైన పాత స్నేహితులకు మెసేజ్ రాయమని కొందరిని కోరారు. పలకరించాలని వాళ్లకు ఉంది, నంబరు ఉంది, అవతలివాళ్లు సంతోషిస్తారన్న నమ్మకమూ ఉంది, అప్పటికప్పుడు రాసుకోవడానికి సమయం కూడా ఇచ్చారు. అయినా మూడోవంతు మంది కూడా పంపలేదు. అది స్నేహితుల సంగతి. పని నేర్పినవాళ్ల దగ్గర మనకు దానికి తోడు హోదా భయం ఉంటుంది, "అవసరం పడితే గుర్తొచ్చానా" అంటారేమోనన్న సిగ్గూ ఉంటుంది.

అయితే అడగడంలో అర్థం ఉంది. డేనియల్ లెవిన్, ఆయన సహచరులు 2011లో ఒక అధ్యయనం ప్రచురించారు. తెగిపోయిన పాత పరిచయాలను మళ్లీ కదిలించి, తమ పనికి సంబంధించి సలహా అడగమని ఉద్యోగంలో ఉన్న అధికారులకు చెప్పారు. ఆ సలహాలు చాలామందికి బాగా అక్కరకొచ్చాయి. కారణం సులువుగానే అర్థమవుతుంది. రోజూ కలిసేవాళ్లకు మనకు తెలిసిందే తెలుసు. పాత పరిచయస్తుడు ఈ ఏళ్లలో వేరే చోట వేరే సంగతులు చూశాడు. అప్పటి నమ్మకం మాత్రం అలాగే ఉంటుంది, మళ్లీ మొదటినుంచి కట్టుకోనక్కర్లేదు.

ఇక ఆమె రాసిన మెసేజ్ దగ్గరికి వద్దాం. దాంట్లో అన్నిటికంటే ప్రమాదకరమైన వాక్యం "మీతో ఒకసారి మాట్లాడాలి" అన్నది. మన దగ్గర ఏళ్ల తర్వాత ఎవరైనా ఇలా అంటే అవతలివాళ్లు ఏమనుకుంటారు? అప్పు, చీటీ, ఇన్సూరెన్స్ పాలసీ, లేదంటే ఏదో గొలుసుకట్టు వ్యాపారం. విషయం దాచిపెట్టి "ఎలా ఉన్నారు సార్" అని మొదలుపెడితే అనుమానం ఇంకా పెరుగుతుంది. అడగాల్సింది అదే మెసేజ్‌లో అడిగేస్తే ఆయన గుండె కుదుటపడుతుంది. "నేను గుర్తున్నానా?" అన్నది కూడా అలాంటిదే, పలకరిస్తూనే పరీక్ష పెట్టినట్టు. ఆయన ఎంతమందికి పని నేర్పాడో! మనమే ఏడాది, చోటు చెప్పి, ఆయన కళ్లముందు మన మొహం కదిలేలా ఒక్క సంఘటన గుర్తుచేయాలి.

అసలు చిక్కు కోరిక దగ్గర వచ్చింది. "సలహాలు కావాలి" అంటే ఆయన ఏం చెప్పాలి, ఎంతసేపు చెప్పాలి? "నీకు నిజంగా తెలియనిది ఏమిటి?" అని అడిగాను. మందుల పరీక్షలకు వాడే హెచ్‌పీఎల్‌సీ మెషిన్‌లో ఎవరు ఏం చేశారన్నది గంటలు నిమిషాలతో సహా నమోదవుతుందట. దాన్ని ఆడిట్ ట్రయల్ అంటారు. మధ్యలో ఆపేసిన పరీక్షలు, గ్రాఫ్ లెక్కను చేత్తో సవరించిన సందర్భాలు, ఈ రెండింటిమీద ఆడిటర్ల కన్ను ఉంటుంది. ఆమెకు ఉన్న సమయం తక్కువ, ముందు ఏది చూడాలో తేలడం లేదు. అదీ ప్రశ్న! రెండు ముక్కల్లో జవాబు చెప్పగలిగింది.

ఇంకో జాగ్రత్త కూడా తీసుకుంది. ఆయన ఇప్పుడు వేరే కంపెనీలో ఉన్నారు. అక్కడి కాగితాలో పద్ధతుల ఫైలో అడిగితే ఆయన్ని ఇరకాటంలో పెట్టినట్టే. అందుకే ఆయన అలవాటు ఏమిటని మాత్రమే అడిగింది. పంపేముందు పాత సహోద్యోగి ఒకరికి ఫోన్ చేసి, నంబరు అదేనా, ఇంట్లో అంతా క్షేమమేనా అని కనుక్కుంది. ఇంట్లో ఏ విషాదమో జరిగి ఉంటే ఆ మెసేజ్ వేరేలా ఉండాలి కదా.

చివరికి వెళ్లింది ఇది:

"నమస్తే సార్. 2015 నుంచి 2017 దాకా జీడిమెట్ల క్యూసీలో మీ దగ్గర ట్రైనీగా చేశాను. నైట్ షిఫ్టులో కాలమ్ తిరగేసి బిగించి తిట్లు తిన్న అమ్మాయిని. ఇన్నేళ్లు పలకరించకపోవడం నా తప్పే. ఇప్పుడు పరవాడలో సెక్షన్ ఇన్‌ఛార్జిని. కొత్తగా వచ్చే పిల్లలకు నేనూ మొదట కాలమ్ మీది బాణం గుర్తే చూపిస్తున్నాను. వచ్చే నెల ఆడిట్‌కి మొదటిసారి నా సెక్షన్ నేనే చూపించాలి. ఒక్క విషయం సార్: ఆడిట్ ట్రయల్ చూసేటప్పుడు మీరు ఆపేసిన రన్‌లు ముందు చూసేవారా, చేత్తో చేసిన ఇంటిగ్రేషన్లు ముందు చూసేవారా? రెండు ముక్కలు చాలు. వీలు కాకపోయినా పర్వాలేదు, మిమ్మల్ని పలకరించినట్టయింది."

క్షమాపణ ఒక్క వాక్యానికి కుదించాం. అది పొడుగైతే ఓదార్చే పని ఆయన మీద పడుతుంది. పెళ్లి, పాప, కొత్త ఇల్లు తీసేశాం. ఆయన నేర్పింది ఇప్పుడు ఎక్కడ పనికొస్తోందో చెప్పే వాక్యం మాత్రం ఉంచాం. నా దృష్టిలో మెసేజ్ మొత్తానికి ప్రాణం ఆ బాణం గుర్తే.

తొమ్మిది రోజులు జవాబు లేదు. నీలం గీతలు పడ్డాయి, అంతే. మళ్లీ రాయనా అని ఆమె రెండుసార్లు అడిగింది, రెండు వారాలు ఆగమన్నాను. అప్పటికీ రాకపోతే ఒక్కసారి గుర్తుచేసి వదిలేయమన్నాను. పదో రోజు రాత్రి వాయిస్ మెసేజ్ వచ్చింది. "ఆ రెండూ కాదమ్మా. ముందు లాగ్‌బుక్ తెరువు. మెషిన్‌లో ఎన్ని ఇంజెక్షన్లున్నాయి, పుస్తకంలో ఎన్ని రాశారు, లెక్క సరిపోవాలి. తర్వాతే మిగతావి."

ఈ దారి అన్నిటికీ పనికిరాదు. మనస్పర్థతో విడిపోయి ఉంటే ముందు ఆ సంగతి తేలాలి, ప్రశ్న దాని తర్వాతే. ఉద్యోగం ఇప్పించమనడం, సిఫార్సు లేఖ అడగడం చిన్న కోరికలు కావు. లేఖే తీసుకోండి, ఏడేళ్ల కింద చూసిన ట్రైనీ గురించి తప్ప ఇప్పటి మనిషి గురించి ఆయన ఏం రాయగలడు?

ఆడిట్ ముగిసిన సాయంత్రం ఆమె ఆయనకు రెండో మెసేజ్ పంపింది. చాలామంది ఎగ్గొట్టేది ఇదే. "సార్, లెక్కలో మూడు ఇంజెక్షన్లు తేడా వచ్చింది. ఆడిటర్ కంటే ముందు మేమే పట్టుకుని, కారణం వెతికి డీవియేషన్ రాసి పెట్టాం." ఈసారి జవాబు రెండు నిమిషాల్లో వచ్చింది: "మంచిది. బాణం మర్చిపోకు."