నాన్నా, నీ వాట్సాప్ ఎందుకు ఆగిందంటే...

2023 చివర్లో మా నాన్నగారి ఫోన్లో వాట్సాప్ ఆగిపోయింది. తెనాలి నుంచి ఫోన్ చేసి ఆయన అడిగిన మొదటి మాట, "అమ్మాయ్, దీనికి కూడా రీచార్జి చెయ్యాలా?" అని. గడువు తీరిందని తెర మీద ఇంగ్లీషులో కనిపించేసరికి, సిమ్ వాలిడిటీ లాగే ఇదీ డబ్బు కట్టాల్సిన వ్యవహారం అనుకున్నారు. ఫోన్లో చెబితే సగం గుర్తుంటుంది, సగం పోతుంది. అందుకని అమ్మ ఫోనుకి వివరంగా రాసి పంపాను. అలాంటి పాత ఫోన్లు ఇంకా చాలా ఇళ్ళలో ఉన్నాయి కాబట్టి ఆ మెసేజ్‌ని ఇక్కడ ఇస్తున్నాను.

నాన్నా,

అమ్మ ఫోనుకి పంపుతున్నాను, తీరిగ్గా కూర్చుని చదువుకో. ముందుగా డబ్బు సంగతి. వాట్సాప్‌కి ఒకప్పుడు ఏడాదికి ఒక డాలరు చందా ఉండేది. 2016 జనవరిలో దాన్ని ఎత్తేశారు. ఇప్పుడు నువ్వు ఎవరికీ పైసా కట్టక్కర్లేదు. రెన్యూ చేస్తామంటూ ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టెయ్, లింకు పంపితే ముట్టుకోకు. నీ సిమ్ బాగానే ఉంది, నెట్ బాగానే ఉంది, ఫోను కూడా చెడిపోలేదు.

మరి గడువు దేనికి తీరిందంటావా? వాట్సాప్ కంపెనీ ఎప్పటికప్పుడు కొత్త వెర్షన్లు తెస్తుంటుంది. ఒక్కో వెర్షన్‌కీ ఇన్నాళ్ళే పనిచెయ్యాలని ముందే ఆఖరు తేదీ పెట్టి వదులుతుంది. మామూలుగా ఆ సంగతి మన కంట పడదు. ఆ తేదీ వచ్చేలోపే ప్లే స్టోర్ కొత్త వెర్షన్ వేసేస్తుంది. నీ ఫోన్లో ఉన్న వెర్షన్‌కి ఆఖరు తేదీ వచ్చింది, కొత్తది మాత్రం రాలేదు. ప్లే స్టోర్‌లోకి వెళ్తే "Your device isn't compatible with this version" అని వస్తోందని చెప్పావు కదా, అసలు కారణం అక్కడే ఉంది. కొత్త వాట్సాప్ నీ ఫోన్లో ఎక్కదు.

ఎందుకు ఎక్కదో నీ కళ్ళతో నువ్వే చూడు. సెట్టింగ్స్‌లో కిందాకా వెళ్తే About phone అని ఉంటుంది. అందులో Android version ఎదురుగా 4.4.2 అని కనిపిస్తుంది. అది ఫోన్ని నడిపించే మూల సాఫ్ట్‌వేర్. 4.4 వరుస 2013లో వచ్చింది, 5.0 మరుసటేడు వచ్చింది. ఇప్పుడు అమ్మ ఫోన్లో అదే చోట చూడు, 11 అని ఉంటుంది. ఒకే ఇల్లు, ఒకే వైఫై. అయినా అమ్మకి వస్తోంది, నీకు రావడం లేదు. తేడా ఆ అంకెలోనే ఉంది. 2023 అక్టోబరు 24 నుంచి ఆండ్రాయిడ్ 5.0, ఆపైన ఉన్న ఫోన్లలోనే వాట్సాప్ నడుస్తుందని కంపెనీ ప్రకటించింది.

మన పాత ఇంటి వంటగదిలో రెండు పిన్నుల ప్లగ్గు ఉండేది, గుర్తుందా? మూడు పిన్నుల మిక్సీ తెచ్చాక అందులో పట్టలేదు. కరెంటు ఉంది, మిక్సీలో లోపం లేదు, మూడో పిన్నుకి మాత్రం చోటు లేదు. ఆ మూడోది ఎర్తింగ్, షాకు కొట్టకుండా పెట్టింది. నీ ఫోను సంగతీ అంతే. కొత్త వాట్సాప్ తన పని చెయ్యడానికి ఆండ్రాయిడ్‌ని కొన్ని సౌకర్యాలు అడుగుతుంది, అవి 5.0 నుంచే ఉన్నాయి. నీ 4.4.2ని అడిగితే దాని దగ్గర జవాబు లేదు.

"పాతదాన్ని పాతగానే ఉండనివ్వచ్చుగా, నాకు కొత్త హంగులేం వద్దు" అంటావని తెలుసు. నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ ఇందులో భద్రత సంగతి ఉంది. మనం రాసుకునే మాటలకి నా ఫోన్లోనే తాళం పడుతుంది, అది నీ ఫోన్లోనే తెరుచుకుంటుంది. దారిలో కంపెనీ కూడా చదవలేదు. అందుకే దొంగ దారిలో కాపు కాయడు, నేరుగా ఫోన్లోకే దూరాలని చూస్తాడు. 2015లో ఆండ్రాయిడ్‌లో స్టేజ్‌ఫ్రైట్ అనే లోపం బయటపడింది. తయారుచేసి పంపిన ఒక్క వీడియో మెసేజ్‌తో ఫోన్లోకి చొరబడే వీలు దానివల్ల ఉండేది. గూగుల్ మరమ్మతు తయారుచేసింది, కానీ దాన్ని మన ఫోనుకి పంపాల్సింది ఫోను తయారుచేసిన కంపెనీ. చాలా పాత ఫోన్లకి అది చేరనే లేదు. వాట్సాప్ తన ఇంటిని ఎంత గట్టిగా కట్టుకున్నా, కింద పునాదిలో కన్నం ఉంటే దాన్ని పూడ్చడం దాని చేతిలో లేదు. అప్పుడు నీ మాటలే కాదు, నీకు మెసేజ్ పెట్టే మా అందరి మాటలూ అక్కడ బయటపడతాయి.

నాకు కోపం వచ్చేది వాట్సాప్ మీద కాదు. అద్దం పగలని, బ్యాటరీ ఇంకా నిలుస్తున్న ఫోనుకి రెండేళ్ళకే అప్‌డేట్లు ఆపేసిన తయారీదారు మీద.

ఇప్పుడు నువ్వు అడిగిన అసలు ప్రశ్న. పాప చిన్నప్పటి ఫోటోలు, బాబాయి పంపిన వాయిస్ మెసేజ్‌లు పోయినట్టేనా? పోలేదు. మనకి అందిన మెసేజ్‌లని వాట్సాప్ తన దగ్గర దాచుకోదు, అందగానే తీసేస్తుంది. కాబట్టి అవన్నీ నీ ఫోన్లోనే ఉన్నాయి. రోజూ తెల్లవారుజామున 2 గంటలకి అది తనంతట తానే ఒక నకలు కూడా తీసి పెట్టుకుంటుంది. యాప్ ఆగిపోయినా ఆ ఆఖరి నకలు ఫోన్లోనే ఉంటుంది. అందుకే నిన్ను వాట్సాప్‌ని అన్‌ఇన్‌స్టాల్ చెయ్యవద్దన్నాను. ఎవరో చెప్పారని క్లియర్ డేటా కూడా నొక్కకు.

ఇలా చెయ్యి. ఫోన్లో My Files తెరువు. అందులో WhatsApp అనే ఫోల్డరు ఉంటుంది. దాని లోపల Media అన్నదాంట్లో ఫోటోలు, వీడియోలు ఉంటాయి. Databases అన్నదాంట్లో msgstore అని మొదలయ్యే ఫైళ్ళు ఉంటాయి, మాటలన్నీ వాటిలోనే. ఆ ఫైళ్ళ పక్కనున్న తేదీలు చూడు. వాట్సాప్ ఆగిన రోజుకి దగ్గరి తేదీ కనిపిస్తే నిశ్చింతగా ఉండు. WhatsApp ఫోల్డరు మొత్తాన్ని మెమరీ కార్డులోకి కాపీ చెయ్యి. "మూవ్" కాదు, "కాపీ". నిండా ఫోటోలు ఉన్నాయి కాబట్టి చాలాసేపు పడుతుంది, ఛార్జింగ్ పెట్టి వదిలెయ్.

తమ్ముడు తెచ్చే కొత్త ఫోన్లో ఆ కార్డు వేసి, ఫోల్డరుని Android/media/com.whatsapp అనే చోటికి కాపీ చేస్తాడు. ఆ తర్వాతే వాట్సాప్ తెరిచి నీ పాత నంబరే ఇవ్వాలి. వేరే నంబరు ఇస్తే పని జరగదు. ఆ నకలుకి ఉన్న తాళంచెవి నీ నంబరుకే ముడిపడి ఉంటుంది. నంబరు సరిచూసుకున్నాక బ్యాకప్ దొరికిందని చెప్పి Restore అని అడుగుతుంది. అక్కడ తొందరపడి దాటేస్తే మళ్ళీ మొదటినుంచీ చెయ్యాలి, కాబట్టి Restore నొక్కి ఆగు.

ఇంకో చిక్కుంది. నీ పాత ఫోన్లోది మైక్రో సిమ్, కొత్త ఫోనుకి నానో సిమ్ కావాలి. దాన్ని కత్తెరతో కత్తిరించమని ఎవరన్నా ఒప్పుకోకు, ఆధార్ తీసుకుని కంపెనీ షాపుకి వెళ్ళి మార్పించుకో. అలా మార్చిన సిమ్‌కి మొదటి 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు రావు. నీ పేరున వేరేవాళ్ళు సిమ్ తీసి బ్యాంకు ఓటీపీలు కాజెయ్యకుండా టెలికాం శాఖ పెట్టిన నిబంధన అది. వాట్సాప్ పంపే ఆరంకెల కోడ్ కూడా ఎస్సెమ్మెస్‌గానే వస్తుంది కాబట్టి ఆ రోజు రాదు. రాలేదని పదేపదే నొక్కితే ఇంకా ఎక్కువసేపు ఆగమంటుంది. మర్నాడు చేద్దాం. ఆ కోడ్ మాత్రం ఎవరు అడిగినా చెప్పకు, తమ్ముడి పేరు చెప్పి అడిగినా సరే.

చివరిగా, బజార్లో సెల్‌ఫోన్ షాపతను పాత వాట్సాప్ ఫైలు ఎక్కిస్తానన్నాడని చెప్పావు. వద్దు నాన్నా. నిజంగా పాత వెర్షనే ఎక్కించినా దానికీ గడువు తీరిపోయి ఉంటుంది, తెరవగానే ఇదే మాట చెబుతుంది. పనిచేస్తోందంటే అది ఎవరో మార్చి తయారుచేసిన నకిలీది అన్నమాట. దాన్ని ఎక్కించడమంటే నీ ఫోన్లోకి వచ్చే బ్యాంకు మెసేజ్‌లన్నీ ముక్కూమొహం తెలియనివాళ్ళకి అప్పజెప్పడమే. ఆదివారం వీడియో కాల్ అమ్మ ఫోన్లో చేసుకుందాం.

ఇదీ ఆ మెసేజ్. మెమరీ కార్డు దారిలో నాన్నగారి మాటలూ ఫోటోలూ కొత్త ఫోన్లోకి వచ్చాయి, ఆగిన రోజు తెల్లవారాక వచ్చిన నాలుగైదు మెసేజ్‌లు మాత్రం దక్కలేదు. అవి ఆఖరి నకలు తీశాక వచ్చినవి.

ఈ అంకె 5.0 దగ్గర శాశ్వతంగా ఆగదు. ఐఫోన్లవాళ్ళకి 2025 మే 5న ఇదే ఎదురైంది. ఆ రోజు నుంచి వాట్సాప్‌కి ఐఓఎస్ 15.1 కావాలి, ఐఫోన్ 5ఎస్, 6, 6 ప్లస్ మాత్రం 12వ వరుస దాటి పైకి వెళ్ళలేవు. అమెరికా నుంచి పిల్లలు తమ పాత ఐఫోన్ తెచ్చి అమ్మానాన్నలకి ఇవ్వడం మన ఇళ్ళలో మామూలే కదా, ఆ ఫోన్లలో కొన్ని ఇవే. ఐఫోన్ నుంచి ఆండ్రాయిడ్‌కి మాటల్ని మార్చుకోవాలంటే పాత ఫోన్లో వాట్సాప్ ఇంకా తెరుచుకుంటూ ఉండాలి. ఆగిపోయాక ఆ దారి మూసుకుపోతుంది.

కొత్త ఫోను కొనేటప్పుడు కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్ళో అడిగే ముందు, అప్‌డేట్లు ఎన్నేళ్ళు ఇస్తారో అడగండి. గూగుల్ పిక్సెల్ 8కీ, శాంసంగ్ గెలాక్సీ ఎస్24కీ ఏడేళ్ళు ఇస్తామని ఆ కంపెనీలు ప్రకటించాయి. తక్కువ ధర ఫోన్లకి అంత ఉండదు, అందుకే అడగడం ఇంకా అవసరం.

మీ ఇంట్లో పెద్దవాళ్ళ ఫోను ఈ వారమే ఒకసారి చేతిలోకి తీసుకోండి. About phone‌లో అంకె చూడండి. వాట్సాప్ ఇంకా పనిచేస్తుండగానే సెట్టింగ్స్‌లో Chats కింద ఉన్న Chat backup నొక్కి, ఆ తేదీ ఇవాళ్టిదేనా అని సరిచూడండి.