మొదటిసారే ఎక్కువ బాధ

పెళ్లయి ఏడాదైన ఒక అమ్మాయి అనుకుందాం. జననాంగం దగ్గర చురుకు, దురద. ఒకటి రెండు రోజులకు నీటి పొక్కులు గుంపుగా లేచి, చితికి పుండ్లయ్యాయి. జ్వరం, గజ్జల్లో బిళ్లలు. హెర్పిస్ మొదటిసారి తరచూ ఇలాగే బయటపడుతుంది.

అన్నిటికంటే ఏడిపించేది మూత్రం. మంటకు భయపడి నీళ్లు తాగడం మానేస్తే మూత్రం చిక్కబడి మంట ఇంకా పెరుగుతుంది. నీళ్లు బాగా తాగాలి, మగ్గుతో గోరువెచ్చని నీళ్లు పోసుకుంటూ మూత్రం పోయాలి. అసలే రాకపోతే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

సిగ్గుపడి మందుల షాపులో కొనే పూత మందుతో ఒరిగేది తక్కువ. డాక్టర్లు సాధారణంగా ఎసైక్లోవిర్ 400 మిల్లీగ్రాముల మాత్రలు రోజుకు మూడు చొప్పున 7 నుంచి 10 రోజులు రాస్తారు. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. పొక్కు పచ్చిగా ఉండగానే నమూనా తీయించాలి. తొలి వారాల్లో రక్తపరీక్షకు ఏమీ దొరక్కపోవచ్చు.

ఇక ఇంట్లో అనుమానాలు. వైరస్ ఏళ్లతరబడి నరాల్లో దాగి ఇప్పుడు పైకి రావచ్చు. పెదవి మీద పొక్కులొచ్చే భర్త నోటి నుంచీ అంటవచ్చు. పొక్కులను చూసి ఎవరిదీ తప్పని తేల్చలేం. మందు వైరస్‌ను పూర్తిగా తీసేయదు, కానీ మళ్లీ వచ్చినప్పుడు బాధ సాధారణంగా తక్కువే. పుండ్లు ఆరేదాకా కలయిక వద్దు. గర్భిణి అయితే డాక్టరుకు వెంటనే చెప్పాలి.