మొండి బాకీ పద్దు ఎవరు కొట్టేయాలి?

విజయవాడలో పంపుసెట్లు అమ్మే ఒక హోల్‌సేల్ వ్యాపారి ఉన్నారనుకుందాం. మార్చి 31 నాటికి ఆయనకు రావాల్సింది 20 లక్షలు. ఆయన ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్ ఆ బాకీలను గడువు దాటిన రోజులను బట్టి వర్గాలుగా విడదీస్తుంది. 30 రోజుల్లోపువి 12 లక్షలు, 90 రోజుల్లోపువి 5 లక్షలు, 180 రోజుల్లోపువి 2 లక్షలు, అంతకంటే పాతవి లక్ష. గతంలో మునిగిన బాకీల లెక్క చూసి వాటికి వరుసగా 1, 5, 25, 60 శాతం చొప్పున నష్టం రావచ్చని ఆయన అంచనా కట్టారు. మొత్తం 1,47,000 అయింది. పుస్తకాల్లో ఇప్పటికే లక్ష ప్రొవిజన్ ఉంది కాబట్టి ఇప్పుడు రాయాల్సింది తేడా 47,000 మాత్రమే. చాలాచోట్ల మొత్తాన్నీ మళ్లీ రాసేసి లాభాన్ని అనవసరంగా తగ్గించుకుంటారు.

ప్రొవిజన్ రాసినంత మాత్రాన ఏ ఖాతాదారు బాకీ పైసా కూడా తగ్గదు.

ఈ లెక్కలు ఎక్కువగా తప్పేది శాతాల దగ్గర కాదు, జమల దగ్గర. ఖాతాదారు కట్టిన 60 వేలను ఏ బిల్లుకూ ముడిపెట్టకుండా ‘ఆన్ అకౌంట్’గా వదిలేస్తే, ఎప్పుడో తీరిన బిల్లు 180 రోజులు దాటిన వర్గంలో కూర్చుని ప్రొవిజన్‌ను పెంచేస్తుంది. రిపోర్టులో ఒకే పేరు మీద పాత బిల్లు, విడిగా జమ రెండూ కనిపిస్తుంటే అనుమానించాల్సిందే.

రైటాఫ్ సంగతి వేరు. దుకాణం మూసేసిన ఒకాయన 80 వేల బాకీని రైటాఫ్ చేస్తే, అది ఆయన ఖాతా నుంచే పోతుంది. అందులో 60 శాతం, అంటే 48 వేలు ముందే ప్రొవిజన్‌లో ఉన్నాయి కనుక లాభానికి కొత్తగా తగిలే దెబ్బ 32 వేలే. అమ్మినప్పుడు కట్టిన జీఎస్టీ మాత్రం వెనక్కి రాదు.

దొంగతనానికి దారి కూడా ఇక్కడే ఉంది. వసూలు చేసిన నగదును జేబులో వేసుకున్న ఉద్యోగే రైటాఫ్ ఎంట్రీ కూడా వేయగలిగితే, బాకీతో పాటు ఆధారం కూడా మాయమవుతుంది. అందుకే ఎంట్రీ తయారుచేసేవారు ఒకరు, ఆమోదించేవారు మరొకరు కావాలి. ఈఆర్‌పీనెక్స్ట్‌లో జర్నల్ ఎంట్రీ డ్రాఫ్ట్‌గా ఉన్నంతవరకూ లెడ్జర్‌కు చేరదు, సబ్మిట్ చేశాకే చేరుతుంది. సబ్మిట్ చేసే అధికారం వసూళ్లు చూసేవారికి ఇవ్వకూడదు. ఆమోదించే వ్యక్తి బిల్లు, పంపిన నోటీసులతో సరిపెట్టుకోకుండా, ఖాతాదారుకు స్వయంగా ఒక ఫోన్ చేస్తే మేలు. ‘ఎప్పుడో కట్టేశానండీ’ అనే జవాబు బయటపడేది అక్కడే.

మామూలు వ్యాపారికి ప్రొవిజన్ మీద ఆదాయపు పన్ను మినహాయింపు ఉండదు, పుస్తకాల్లో రైటాఫ్ చేసిన బాకీకే ఉంటుంది. ఆ బాకీ నిజంగా మునిగిందని విడిగా నిరూపించనక్కర్లేదని 2010లో టీఆర్‌ఎఫ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే రైటాఫ్ అంటే మాఫీ కాదు. రెండేళ్ల తర్వాత ఆ దుకాణదారు 20 వేలు తెచ్చిస్తే తీసుకోవచ్చు. అప్పట్లో మొత్తం 80 వేలకూ మినహాయింపు పొంది ఉంటే, ఆ 20 వేలు వచ్చిన ఏడాది ఆదాయంలో చేరి పన్నుకు లెక్కవుతాయి.