మార్కెజ్ కాదు, గార్సియా మార్కెజ్

నవలాకారుడు గాబ్రియేల్ గార్సియా మార్కెజ్‌ను మనం తరచు ‘మార్కెజ్’ అనేస్తాం. నిజానికి అది ఆయన తల్లి వైపు ఇంటిపేరు. తండ్రి గాబ్రియేల్ ఎలీహియో గార్సియా, తల్లి లూయిసా శాంతియాగా మార్కెజ్ ఇగ్వారాన్. స్పానిష్ ఆనవాయితీలో తండ్రి మొదటి ఇంటిపేరు ముందు, తల్లి మొదటి ఇంటిపేరు తర్వాత బిడ్డకు వస్తాయి. అందుకే తల్లి పేరులోని ఇగ్వారాన్ కొడుకు దాకా రాలేదు. స్పెయిన్‌లో ఇప్పుడు తల్లి ఇంటిపేరును ముందు పెట్టుకునే వీలూ ఉంది.

కాబట్టి వ్యాసంలో రెండూ కలిపి ‘గార్సియా మార్కెజ్’ అనే రాయాలి. గ్రంథసూచిలో ‘గార్సియా మార్కెజ్, గాబ్రియేల్’ అని ‘గ’ కింద చేర్చాలి. ‘మ’ కింద పెడితే వెతికేవారికి దొరకదు. కవి లోర్కా ఆ ఒక్క పేరుతోనే ప్రసిద్ధుడు, ఎందుకంటే గార్సియా మరీ సాధారణమైన ఇంటిపేరు. అయినా సూచిలో ఆయన స్థానం ‘గార్సియా లోర్కా’యే.

ఐస్‌లాండ్‌లో చాలామందికి అసలు ఇంటిపేరే ఉండదు. 1980లో అధ్యక్షురాలిగా ఎన్నికైన విగ్దిస్ ఫిన్‌బోగదోత్తిర్ పేరులో రెండో మాటకు ఫిన్‌బోగీ కూతురని అర్థం. కొడుకైతే ఫిన్‌బోగసన్ అయ్యేవాడు. ఆమె తండ్రి మాత్రం థోర్వాల్డ్‌సన్, అంటే థోర్వాల్డ్ కొడుకు. అందుకే అక్కడ దేశాధ్యక్షురాలినైనా ‘విగ్దిస్’ అనే పిలుస్తారు, జాబితాల్లోనూ సొంత పేరుతోనే వరుస పెడతారు. ‘ఫిన్‌బోగదోత్తిర్ గారు’ అంటే ఆమె తండ్రి పేరుతో పిలిచినట్టే.

అయితే నోబెల్ రచయిత హాల్డోర్ లాక్స్‌నెస్‌ది తాను స్వీకరించిన ఇంటిపేరు. ఆయనను ‘లాక్స్‌నెస్’ అనవచ్చు. చివరి మాట ‘సన్’, ‘దోత్తిర్’లతో ముగిసిందో లేదో ముందుగా చూడండి.